ఓడిపోవడానికి రాసిన కొటేషన్

నా ఉద్యోగ జీవితంలో నేను రాసిన కాగితాలన్నింటిలో బాగా కుదిరింది ఒక్కటే. అది గెలవకూడదని రాసింది.

తొంభైల మొదట్లో మాట. కరీంనగర్‌లో తూకం యంత్రాలమ్మే ఒక ఏజెన్సీలో పని చేసేవాణ్ని. కిరాణా దుకాణంలో పెట్టుకునే చిన్న కాంటా నుంచి లారీని లారీగా తూచే పెద్ద కాంటా దాకా మా దగ్గర దొరికేవి. ఓనరును మేమంతా సేటు అనేవాళ్లం. నేను మూడేళ్లుగా టెంపరరీ. రాయడం, టైపు చేయడం, బస్సెక్కి కొనే పార్టీల దగ్గరికి పోవడం, అన్నీ నేనే, కానీ హాజరు పట్టీలో మాత్రం నా పేరు అన్నింటికన్నా కింద పెన్సిలుతో రాసి ఉండేది. మా బాపు సిరిసిల్లలో పవర్లూమ్ మీద పని చేసేవాడు. నేను ఇంటికి పోయినప్పుడల్లా మంచినీళ్లు ఇవ్వకముందే "పర్మనెంట్ అయినట్టేనా?" అని అడిగేవాడు. సాంచెలనే ఆ మరమగ్గాల చప్పుడులో బతికి ఆయనకు ఏదైనా గట్టిగానే అడగడం అలవాటు. వాడకట్టు మొత్తానికీ నా జవాబు తెలిసేది.

ఆ ఎండాకాలం చివర ఆదిలాబాద్ నుంచి ఒక పత్తి జిన్నింగ్ మిల్లు ఆయన వచ్చాడు. ఆయనా, ఆయన అక్కా కలిసి మిల్లు నడుపుతున్నారు. లారీ కాంటా కావాలన్నాడు. సేటు ఆయనకు రెండు చాయ్‌లు తాగించి, ధర మాట్లాడి, మాట ఖాయం చేసుకున్నాడు. పోతూ పోతూ ఆయన గుమ్మం దగ్గర ఆగాడు.

"బ్యాంకోల్లు లోన్ ఇయ్యాల్నంటే మూడు కొటేషన్లు కావాల్నంటున్నరు సేటూ. మీది ఒకటి సరే. కడమ రెండు కూడ మీరే తెచ్చి పెట్టుండ్రి."

సేటు ఏమాత్రం ఆశ్చర్యపోలేదు. నేనూ పోలేదు. ఆ రోజుల్లో అది మర్యాదలో భాగం. పెళ్లికి పిలిచినవాళ్లే తోడుపెళ్లికొడుకును కూడా వెతికిపెట్టినట్టు, సరుకు అమ్మేవాడే తనతో పోటీపడి ఓడిపోయే ఇద్దర్ని కూడా చూసిపెట్టాలి. అందుకని మా బీరువాలో స్నేహితుల దుకాణాల లెటర్‌హెడ్‌లు ఒక కట్ట ఉండేది. మా లెటర్‌హెడ్‌లు వాళ్ల బీరువాల్లో ఉండేవి. ఎవరి వంతు వచ్చినప్పుడు వాళ్లు ఓడిపోయేవాళ్లు. ఎవరికీ మనస్తాపం ఉండేది కాదు.

"ఈ ఆర్డరు మన పేరు మీద వచ్చిందనుకో, నిన్ను పర్మనెంట్ చేస్త. రాసుకో" అన్నాడు సేటు. రాసుకోమన్నది ఆ హామీని కాదు, కొటేషన్‌ను. నేను కలం తీశాను.

సేటు కొటేషన్ చెప్పే తీరు ఎప్పుడూ ఒకటే. ఆయన కళ్లు మూసుకునేవాడు. తమరి విలువైన విచారణకు ధన్యవాదాలు. మా అత్యంత తక్కువ ధర ఇంత. పన్నులు అదనం. రవాణా అదనం. పునాది పని పార్టీదే. బిగింపు అదనం. సరఫరా, కంపెనీ నుంచి సరుకు వచ్చేదాన్ని బట్టి. సగం డబ్బు ఆర్డరుతో, మిగతాది సరుకు రాకముందే. ధరలు ముందుగా తెలపకుండానే మారవచ్చు. తమరి శుభప్రదమైన ఆర్డరుకై ఎదురుచూస్తూ. ఇంగ్లీషులో ఇవన్నీ కలిపి పది వాక్యాలయ్యేవి. వాటిలో ఒక్కటి కూడా చదివినవాడికి ఏం చేయాలో చెప్పేది కాదు.

"సేటూ, అన్నీ కలిపి మొత్తం ఎంతవుతదో ఒక పట్టీ గీద్దామా? ఎన్ని వారాల్లో ఏ పని అయితదో కూడ రాద్దాం" అన్నాను భయం భయంగా.

"మొత్తం చూపిస్తే పార్టీ బెదురుతడు. తారీఖు రాస్తే మెడకు చుట్టుకుంటది. మూడేండ్ల సంది ఏం నేర్చుకున్నవ్‌రా నువ్వు?" అన్నాడు సేటు.

మూడేళ్లుగా నేర్చుకున్నదంతా నా కడుపులోనే ఉండిపోయింది. పార్టీల దగ్గరికి తిరిగేది నేను. సరుకు కొన్నాక "అదనం" అన్న మాట చూసి వాళ్లు నన్ను తిట్టే తిట్లు తిన్నది నేను. కొటేషన్ ఎలా ఉండాలో నాకు తెలుసనే పొగరు కూడా బాగానే ఉండేది.

మాది సేటు చెప్పినట్టే టైపు చేశాను. రెండోది ఐదు నిమిషాల్లో ముగించాను, ధర ఎక్కువ వేసి నాలుగు వాక్యాలు. మూడోది పెద్దపల్లిలో ఒక దుకాణం పేరు మీద. రైస్ మిల్లులకు సామాన్లు, పంపుసెట్లు అమ్మే దుకాణం అది. సేటుకు పాత దోస్తు. ఆ లెటర్‌హెడ్ మిషన్లో ఎక్కించాను. సేటు భోజనానికి పోయాడు. ఎట్లాగూ ఓడిపోయేదే కదా, ఒక్కసారి నాకు నచ్చినట్టు రాస్తే ఎవరికి నష్టం అనిపించింది.

అంతా తెలుగులో రాసి, పక్కనున్న టైపు ఇన్‌స్టిట్యూట్‌లో తెలుగు మిషన్ మీద నేనే కొట్టాను. బ్యాంకు కోసం అదే ఇంగ్లీషులో వెనక జత చేశాను. ముందు సారాంశం. దాన్ని మా యంత్రం గొప్పలతో మొదలుపెట్టలేదు, వాళ్ల కష్టంతో మొదలుపెట్టాను. సీజన్లో బండ్లు, ట్రాక్టర్లు గేటు బయట రెండు రోజులు నిలబడుతున్నాయి, పత్తి బస్తాలను బోరెం బోరెంగా దించి చిన్న కాంటా మీద తూచడమే దానికి కారణం, విసిగిన రైతులు పక్క మిల్లుకు పోతున్నారు. ఈ సంగతులు మిల్లాయన రెండో చాయ్ తాగుతూ చెప్పినవే. లారీ కాంటా ఉంటే బండిని నిండుగా ఒకసారి, ఖాళీగా ఒకసారి తూచి తేడా తీస్తే పత్తి బరువు వస్తుంది. సీజన్ మొదలయ్యేలోపు, దసరాకల్లా, ప్రభుత్వ ముద్ర వేయించిన కాంటా అప్పజెప్పుతాం. పేజీలో సగం కూడా కాలేదు.

తర్వాత ధరల పట్టీ. యంత్రం, ఎక్సైజు, అమ్మకపు పన్ను, లారీ కిరాయి, పునాది, బిగింపు, తూనికలు కొలతల శాఖ ముద్ర రుసుము. ఒక్కొక్క దానికి ఒక్కొక్క వరుస, కింద మొత్తం. ఓడిపోవాలి కాబట్టి యంత్రం ధర మీద కొంత ఎక్కువే వేశాను. ఈ ధరలో లేనివేమిటో కూడా రెండు వరుసలు రాశాను: కాంటా గది, దాని దాకా కరెంటు వైరు. ఈ ధర అరవై రోజుల దాకా మారదని రాశాను. డబ్బు మూడు భాగాలు, ఆర్డరుతో ముప్పై శాతం, యంత్రం బయలుదేరే ముందు అరవై, చివరి పది ముద్ర పడ్డాకే. ఆ చివరి పది శాతం మాట టైపు చేస్తుంటే నాకు ఒళ్లు పులకరించింది. సేటు ప్రాణం ఉండగా అలాంటి మాట మా లెటర్‌హెడ్ మీద పడేది కాదు.

ఆ తర్వాత ఎనిమిది వారాల లెక్క. మొదటి వారం గుర్తు పెట్టడం, గుంత తవ్వడం. రెండో వారం కాంక్రీటు. ఆ పైన నాలుగు వారాలు పునాదికి నీళ్లు పెట్టడం, ఆలోపే యంత్రం రావడం. ఏడో వారం బిగింపు. ఎనిమిదో వారం తూకం రాళ్లతో సరిచూడటం, ఇన్‌స్పెక్టరు ముద్ర. అక్కడిది నల్లరేగడి, కాబట్టి గుంత మామూలుకన్నా లోతు తవ్వి మొరం నింపాలని, అందులో చేరే వాననీరు బయటికి పోవడానికి దారి ఉండాలని కూడా రాశాను.

చివర్లో, ఇప్పుడు ఎవరు ఏం చేయాలి. ఒకటి, లారీ మలుపు లేకుండా తిన్నగా ఎక్కి తిన్నగా దిగే స్థలం మిల్లువారు చూసి సాఫు చేయించాలి. రెండు, ఫలానా తారీఖులోపు ముప్పై శాతానికి డీడీ పంపాలి. మూడు, డీడీ అందిన నాలుగు రోజుల్లో మా మనిషి నక్షాతో వస్తాడు. ఎదురుచూస్తూ అన్న మాట ఎక్కడా రాయలేదు.

పెద్దపల్లి ఆయన పని మీద కరీంనగర్ వచ్చినప్పుడు దాని మీద సంతకం పెట్టాడు. చదవలేదు. ఓడిపోయేవాళ్లు చదవరు. మూడు కవర్లూ ఆదిలాబాద్ పోయాయి.

నెలన్నర తర్వాత, బ్యాంకు ఒప్పుకుందని తెలిసి, సేటు ఆర్డరు రాయించుకు రమ్మని నన్ను పంపాడు. జగిత్యాల మీదుగా నిర్మల్, అక్కణ్నించి ఆదిలాబాద్. దారంతా బాపుకు ఏం చెప్పాలో తయారు చేసుకుంటూ కూర్చున్నాను. ఈసారి వాడకట్టు మొత్తం విననీ అనుకున్నాను.

మిల్లు ఆఫీసులో మిల్లాయన ఉన్నాడు, కానీ కుర్చీలో ఆయన అక్క కూర్చుని ఉంది. యాభై దాటిన మనిషి. అద్దాలకు ఒకవైపు దారం కట్టి ఉంది. ఆమె భూమి అమ్మిన డబ్బే మిల్లులో పెట్టుబడి అనీ, ఆమె సంతకం లేనిది ఏదీ జరగదనీ అప్పుడే తెలిసింది. మిల్లాయన నా మొహం చూడకుండా గోడకున్న క్యాలెండరు చూస్తున్నాడు.

"నువ్వు కరీంనగర్ దుకనం పోరనివా? కూసో" అన్నదామె. "బ్యాంకోల్లు మూడు కాయితాలు అడిగితే మా తమ్ముడు మూడు తెచ్చిండు. నేను మూడు సదివిన. ఇంగ్లీషువి మా అకౌంటెంట్‌తోని సదివిచ్చుకున్న."

ఆ మూడూ చదివే మనిషి ఒకరు ఉంటారని మేమెవ్వరం అనుకోలేదు. మూడు కొటేషన్లు అడిగిన బ్యాంకు మేనేజరు కూడా అవి మూడు ఉన్నాయో లేదో లెక్కపెట్టుకుంటాడంతే.

"మీ సేటు కాయితంల మూడు సార్లు అదనం అని ఉంది. ఇదివరకు ఇట్లనే బేళ్లు కట్టే ప్రెస్సు మిషన్ కొన్నం. అదనాలు కట్టుకుంట కట్టుకుంట నా రెండెకరాలు పోయినయి. మీది తక్కువనే కావచ్చు. ఎంత తక్కువనో మీకే ఎరుక లేనప్పుడు నాకెట్ల ఎరుకయితది?" అంది. డ్రాయరులోంచి పెద్దపల్లి కాగితం తీసింది. "జర గిది సూడు. కొటేషన్ అంటే గిట్ల రాయాలె."

చదవడం మొదలుపెట్టింది. సారాంశం మొదటి మాట నుంచి చివరి దాకా, వేలు పెట్టి, నాకు పాఠం చెబుతున్నట్టు. బండ్లు, గేటు, పక్క మిల్లు. పట్టీలో వరుసలు. నల్లరేగడి. నేను తల వంచుకుని విన్నాను. నిజం చెప్పాలంటే అంత సంతోషం నాకు అంతకుముందు ఎప్పుడూ కలగలేదు. అంత భయం కూడా కలగలేదు.

"మరి ఆర్డరు..." అన్నాను.

"ఇచ్చేసినం గదా. దీంట్ల ఏం జెయ్యాల్నో రాసి ఉంది. ఒకటోది, జాగ సాఫు చేయించిన. రెండోది, మా వంతు డీడీ మొన్ననే పెద్దపల్లికి పంపిన. మూడోది వాళ్లది. నాలుగు దినాలల్ల మనిషి రావాలె."

మిల్లాయన నన్ను బయటిదాకా సాగనంపాడు. "నేను ఊర్లె లేనప్పుడు పంపింది తమ్మీ. మూడు మీరే రాసిండ్రని చెప్తే నన్ను మిల్లుల ఉండనియ్యదు, బ్యాంకుల ఇజ్జత్ పోతది. నువ్వు నోరు తెర్వకు" అన్నాడు. తెరిస్తే మా సేటుది కూడా పోతుంది. నేనే రాశానని చెప్పుకోవడానికి ఒక్క మనిషి లేకుండా బస్సెక్కాను.

మర్నాడు సేటుకు చెబితే ముందు నమ్మలేదు. తర్వాత మూడో కొటేషన్ కార్బన్ కాపీ తీయించాడు. నిలబడే చదివాడు. చివరి పది శాతం దగ్గరికి వచ్చి కూర్చున్నాడు.

"ఇది ఎవరు రాసిండ్రు?"

"నేనే."

"మనది?"

"మీరు చెప్పిందే రాసిన సేటూ."

అంతలో పెద్దపల్లి నుంచి ఫోను. అవతలి గొంతు సంతోషంతో ఇక్కడిదాకా వినిపిస్తోంది. "అన్నా, నాకు డీడీ వచ్చింది! నేనేం అమ్మిన్నే?"

యంత్రం తేగలిగిన ఏజెన్సీ మాదే కాబట్టి ఆయన మా దగ్గరే కొనాలి. నేను ఓడిపోవడం కోసం ఎక్కువ వేసిన మొత్తం ఇప్పుడు ఆయన లాభం. సేటు లోలోపల మండిపోయాడు. నన్ను పిలిచి, "ఆర్డరు మన పేరు మీద రాలే. పర్మనెంట్ సంగతి మర్చిపో. ఆ తారీఖులు రాసింది నువ్వే, పొయ్యి నువ్వే నిలబెట్టు. అవి తప్పితే ఇటు దిక్కు రాకు" అన్నాడు.

ఎవరూ పట్టుకోరనే ధైర్యంతో రాసిన తారీఖులవి. ఇప్పుడు ఒక్కొక్కటే వచ్చి నన్ను పట్టుకున్నాయి. నక్షా పట్టుకుని పెద్దపల్లి దుకాణం మనిషిగా మళ్లీ ఆదిలాబాద్ పోయాను. అక్కను చూడగానే, "వాళ్ల దగ్గర మనుషుల్లేక బిగింపు పని మాకే ఇచ్చారు" అని బస్సులో వల్లెవేసిన అబద్ధం చెప్పాను. ఆమె "నాలుగో దినం వచ్చినవ్, మంచిది" అని ఊరుకుంది.

గుంత తవ్విన మూడో రోజే వాన పట్టుకుంది. నల్లరేగడి నీళ్లు పట్టుకుంటే వదలదు. గుంత పక్కలు జారిపోసాగాయి. పెద్దపల్లి ఆయన ఫోనులో నా గోడు విని, దుకాణంలోంచి ఒక డీజిలు పంపు లారీ మీద వేసి పంపాడు. ఆయన పుణ్యమా అని రెండు రోజులే పోయాయి. ఆ రెండు రోజులు ఏ పనిలో మిగిల్చి సర్దుతానో అదేరోజు కాగితం మీద రాసి అక్కకిచ్చాను. నీళ్లు పెట్టే నాలుగు వారాల్లో ఒక్క రోజు తగ్గించమని మేస్త్రీ ఎంత చెప్పినా వినలేదు, తగ్గిస్తే లారీ ఎక్కినప్పుడు పునాది చెబుతుంది. ఇన్‌స్పెక్టరుకు దరఖాస్తు, రుసుము కట్టిన చలానా ముందే ఇచ్చి, వారం ముందు నుంచీ ఆయన ఆఫీసు బెంచీ మీద కూర్చున్నాను. చివరికి నన్ను వదిలించుకోవడానికే అయినా ఆయన వచ్చాడు.

ఎనిమిదో వారం శనివారం ముద్ర పడింది. దసరాకు ఇంకా ఐదు రోజులున్నాయి. మొదటి లారీ ఎక్కి దిగింది. అక్క తేడా బరువు స్వయంగా లెక్కగట్టి చూసుకుని, చివరి పది శాతం చెక్కు నా చేతికిచ్చింది. మిల్లాయన అటు పోగానే అద్దాలు తీసి తుడుచుకుంది.

"ఆ కాయితం రాసింది నువ్వే గదా" అంది.

నేను చేతిలోని చెక్కు మడిచాను.

"ఆ దినం నేను సదువుతుంటే నీ పెదవులు కదిలినయి బాబూ. నా కన్న ముందుగాల్నే నువ్వు పోతున్నవ్."

"మరి అప్పుడే అడగలేదేంటమ్మా?"

"అడిగితే నువ్వు అబద్ధం ఆడుతవు. తారీఖులు చూద్దామనుకున్న. అవి అబద్ధమాడలే." చెక్కు వైపు చూపించింది. "ఇంత మంచిగ రాసేటోనివి, మీ సేటు కాయితం ఎందుకట్ల రాసినవ్?"

"మూడేళ్లుగా ఆయన చెప్పిందే రాస్తున్నానమ్మా."

"మూడేండ్లా?"

ఆ ఒక్క మాటకే నాకు ముఖం చెల్లలేదు. హాజరు పట్టీలో నా పెన్సిలు పేరుకు సేటే కారణమని అప్పటిదాకా అనుకునేవాణ్ని. కానీ ఆ మూడేళ్లలో నేను అడగవలసినవాటిలో ఒక్కటీ గట్టిగా అడగలేదు. నేనూ ఎదురుచూస్తూనే ఉన్నాను.

సోమవారం దుకాణానికి పోయి చెక్కు సంగతి చెప్పాను. సేటు తల ఊపి, సుల్తానాబాద్ రైస్ మిల్లు నుంచి వచ్చిన విచారణ నా ముందు పడేశాడు. కళ్లు మూసుకున్నాడు. "తమరి విలువైన విచారణకు..." అని మొదలుపెట్టాడు. నేను కలం తీయలేదు.

ఆయన కళ్లు తెరిచాడు.

"ఇది నేనే రాస్త సేటూ" అన్నాను.

"ఎవరి లెటర్‌హెడ్ మీద?" అన్నాడు ఆయన వెటకారంగా.

"మనదాని మీదనే. గని దానికి ముందు మన లెటర్‌హెడ్ మీద ఇంకో కాయితం కావాలె. అది నేను చెప్త, మీరు రాయుండ్రి."

కొట్టినంత పని చేస్తాడనుకున్నాను. ఆయన బీరువా దిక్కు చూశాడు, ఫోను దిక్కు చూశాడు. పెద్దపల్లి ఆయనకు పోయిన లాభం ఇంకా సేటు కడుపులో అరగలేదు. విసురుగా కలం లాక్కుని, నన్ను పర్మనెంట్ చేసినట్టు రెండు వాక్యాలు రాసి, సంతకం గీకి నా వైపు తోశాడు.

నేను చదివాను. చదివి, మళ్లీ ఆయన ముందుకే జరిపాను.

"ఏ తారీఖు నుంచి సేటూ?"